బేస్మెంట్‌లో ఎన్ని ట్రాలీల మొరం పడుతుంది? ట్రాక్టర్ పిలవక ముందే లెక్క వేసుకోండి

ఇల్లు కట్టేటప్పుడు స్టీలు, సిమెంటు లెక్కలు అందరం నెల ముందే వేసుకుంటాం. బేస్మెంట్‌లో పోసే మట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ట్రాక్టర్ డ్రైవర్‌నే అడుగుతాం. ఆయన గోడల మీద నుంచి ఒకసారి లోపలికి చూసి "ఇరవై అయిదు ట్రిప్పులు పడతయి అన్నా" అంటాడు, మనం సరే అంటాం.

దేవరకొండలో మా ఇల్లు కట్టినప్పుడు నేనూ అదే చేశాను. రెండు రోజుల్లో మొరం మొత్తం వచ్చింది, జేసీబీతో ఒకేసారి నింపించాం, రాత్రంతా మోటార్ పెట్టి నీళ్లు వదిలాం, పది రోజులకు పైన కాంక్రీట్ బెడ్ వేసేశాం. రెండో వానాకాలంలో హాల్లో స్కర్టింగ్ కింద సన్నటి గీత కనపడింది, సంక్రాంతి నాటికి అందులో చిటికెన వేలు పట్టింది. రూపాయి బిళ్లతో టైల్ మీద కొడితే డొల్లగా మోగేది. నాలుగు టైల్స్ తీసి బెడ్ పగలగొట్టి చూస్తే, బెడ్‌కి మట్టికి మధ్య నా చెయ్యి మణికట్టు దాకా పోయింది. చూడ్డానికి మట్టి నిండానే పోశాం, పోసింది అణగలేదు, అంతే. అందుకే రెండేళ్ల కింద జడ్చర్లలో అక్కవాళ్ల ఇల్లు మొదలైనప్పుడు ఈ ఒక్క పని నేను చూసుకుంటానని బావకు చెప్పాను. ఆ ఇంటి కొలతలతోనే ఇక్కడ మొత్తం చెప్తాను. మీ ఇంటి కొలతలు పక్కన పెట్టుకుని చదవండి.

ముందు వైశాల్యం తీయాలి. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది, ఎందుకంటే మనకు నోటికి వచ్చే కొలత ఇంటి బయటి కొలత. అక్కవాళ్లది బయట 34 అడుగులు, 26 అడుగులు, అంటే 884 చదరపు అడుగులు. కానీ మట్టి పడేది గోడల మధ్యలో మాత్రమే. టేపు తీసుకుని లోపలికి దిగి ఒక్కో గదిని గోడ నుంచి గోడకు కొలవండి. వాళ్లకు బేస్మెంట్ గోడలన్నీ 9 అంగుళాలవి. ఎడమ వైపు హాలు 12 × 20, దాని వెనక బెడ్రూమ్ 12 × 11.75, రెండూ కలిపి 381. కుడి వైపు వెడల్పు 11.75, పొడవులో వంటగది 10, ఇంకో బెడ్రూమ్ 12, బాత్రూమ్, పూజగది కలిపి 9, మొత్తం 31, అంటే 364. అన్నీ కూడితే 745 చదరపు అడుగులు. 884 ఎక్కడ, 745 ఎక్కడ! ఆ 139 అడుగులూ గోడలవి. మన వైపు చాలామంది బేస్మెంట్‌ని రాతి కట్టుతో కడతారు కదా, ఆ గోడ అడుగున్నర మందం ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది, కాబట్టి కాగితం మీది ప్లాన్ చూసి కాకుండా లోపలికి దిగి కొలవాలి.

తర్వాత లోతు. "మూడు అడుగుల బేస్మెంట్" అంటే మూడు అడుగుల మట్టి అని కాదు. లోపల గడ్డి, వేళ్లు, సెంట్రింగ్ చెక్కలు, సిమెంటు సంచులు ఏమున్నా మొదట తీసేయించండి, పైన మెత్తటి మట్టిని కూడా రెండు మూడు అంగుళాలు గీకించండి, ఆ తర్వాతే కొలవండి. పునాది గుంతల చుట్టూ నింపడం కూడా అప్పటికే అయిపోయి ఉండాలి, లేకపోతే ఈ లెక్కలో లేని మట్టి అటు పోతుంది. ఇక ప్లింత్ బీమ్ పై అంచు నుంచి అడ్డంగా దారం కట్టి, కిందికి టేపు వదలండి. నేల ఎప్పుడూ సమంగా ఉండదు కాబట్టి నాలుగు మూలలా, మధ్యలో ఒకచోట కొలవాలి, పెద్ద ఇల్లయితే గదికి ఒకటైనా కొలవాలి. అక్కవాళ్ల స్థలం వెనక్కి వాలుగా ఉండడంతో కొలతలు 2.75, 3, 3.5, 3.25, మధ్యలో 3 అడుగులు వచ్చాయి. కూడితే 15.5, అయిదుతో భాగిస్తే సగటు 3.1 అడుగులు.

ఇందులోంచి బెడ్ మందం తీసేయాలి. వాళ్లు బెడ్ కాంక్రీట్ 4 అంగుళాలు వేసి దాన్ని బీమ్ అంచుకు సమంగా తేవాలనుకున్నారు, టైల్, దాని కింది మాల్ బీమ్ పైన వస్తాయి. మీ మేస్త్రి టైల్ మందం కూడా బీమ్ లోపలే సర్దుతానంటే ఇంకో రెండు అంగుళాలు తగ్గించుకోవాలి, ముందే అడిగి పెట్టుకోండి. 4 అంగుళాలంటే 0.33 అడుగు, అది పోతే 2.77 అడుగులు మిగిలింది. పైన చివరి 4 అంగుళాలు ఇసుక పొర వేయాలనుకున్నాం, అది కూడా పక్కన పెడితే మొరం లోతు 2.44 అడుగులు.

ఇప్పుడు గట్టిగా అణిగిన తర్వాత ఎంత ఉండాలో తెలుస్తుంది. మొరం 745 × 2.44 = 1,818 ఘనపు అడుగులు. ఇసుక 745 × 4 ÷ 12, దాదాపు 248 ఘనపు అడుగులు. కానీ ట్రాలీలో వచ్చేది ఇలా గట్టిగా రాదు, జేసీబీ బొక్కెనతో పైనుంచి వదిలిన వదులు మట్టి వస్తుంది, దాని ముక్కల మధ్య గాలే బోలెడు ఉంటుంది.

అది ఎంత అణుగుతుందన్నదే అసలు ప్రశ్న. సుతారి మేస్త్రిని అడిగితే "మొరం ఎంత మంచిదైనా గుద్దితే పావు వంతు పోతది సార్" అన్నాడు. చేతి లెక్కకు అది మంచి అంకెనే. రాళ్లు ఎక్కువున్న మొరం 20 శాతం దగ్గర ఆగుతుంది, మెత్తటి ఎర్రమట్టి 30 దాకా పోతుంది. అయితే మీ మొరం ఎంత పోతుందో మీరే గంటలో చూసుకోవచ్చు, నేను చేసింది చెప్తాను.

హోటళ్లలో దొరికే 15 కిలోల నూనె డబ్బా ఒకటి తెచ్చి పై మూత మొత్తం కోయించాను. బకెట్ వద్దు, అది కింద సన్నగా పైన వెడల్పుగా ఉంటుంది, కొలత తప్పుతుంది. డబ్బా నిలువుగా ఒకే కొలతలో ఉంటుంది. దాన్ని మెడ దాకా నేలలో పాతిపెట్టి చుట్టూ మట్టి గట్టిగా కూరాను, లేకపోతే గుద్దినప్పుడు రేకు పక్కలకు ఉబ్బుతుంది. ట్రాలీ నుంచి దించిన మొరాన్ని పారతో మామూలుగా డబ్బాలోకి వదిలి, పైన కర్రతో సమంగా గీశాను. నొక్కకూడదు, తట్టకూడదు. లోతు 14 అంగుళాలు. తర్వాత ఆ మట్టినంతా గోనె మీదికి తీసి, కొంచెం నీళ్లు చల్లి కలిపి, మూడు విడతలుగా మళ్లీ అదే డబ్బాలో వేస్తూ ప్రతి విడతనూ మొద్దు కర్రతో ఇక దిగనంత వరకు గుద్దాను. చివరికి మట్టి 10.5 అంగుళాల దగ్గర ఆగింది. 14లో 3.5 అంగుళాలు పోయింది, అంటే సరిగ్గా 25 శాతం. మేస్త్రి చెప్పిన పావు వంతే.

నీళ్లు ఎన్ని కలపాలంటే, మట్టిని పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద కావాలి, ఆ ముద్దను వేలితో నొక్కితే రెండు మూడు ముక్కలై విరగాలి. అరచేతికి బురద అంటితే నీళ్లు ఎక్కువైనట్టు, ముద్దే కాకుండా రాలిపోతే తక్కువైనట్టు. డబ్బాలోనే కాదు, రేపు గదిలో గుద్దేటప్పుడు కూడా ఇదే గుర్తు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటు ఒకటుంది. 25 శాతం పోతుంది కదా అని 25 శాతం ఎక్కువ తెప్పిస్తారు. అది చాలదు. పోయేది తెచ్చిన మట్టిలో పావు వంతు, కావలసిన మట్టిలో కాదు. 100 అడుగులు తెస్తే 75 మిగులుతుంది, కాబట్టి భాగించాలి:

తెప్పించాల్సిన వదులు మట్టి = గట్టిగా ఉండాల్సిన ఘనం ÷ (1 − అణిగే వంతు)

మన లెక్కలో 1,818 ÷ 0.75 = 2,424 ఘనపు అడుగులు. 25 శాతం కలిపి ఉంటే 2,273 దగ్గరే ఆగేవాళ్లం, దాదాపు రెండు ట్రాలీలు తక్కువ పడేవి.

ఇసుక సంగతి వేరు. వాగు నుంచి తడి తడిగా వచ్చిన ఇసుక ట్రాలీలో ఉబ్బి ఉంటుంది, ఎందుకంటే రేణువుల చుట్టూ సన్నటి నీటి పొర పట్టి వాటిని ఎడంగా ఉంచుతుంది. అదే ఇసుకను పూర్తిగా నీళ్లలో ముంచితే కిందికి దిగి, ఎండిన ఇసుక ఎంత చోటు తీసుకుంటుందో దాదాపు అంతకే వస్తుంది. అందుకే ఇసుకను నీళ్లు నిండా పెట్టి అణచవచ్చు. అదే డబ్బాలో తడి ఇసుక నింపి నీళ్లు పోసి కర్రతో కుదిపితే ఎంత దిగుతుందో మీకే కనపడుతుంది. మాకు వచ్చిన దొడ్డు ఇసుక 15 శాతం దిగింది, కాబట్టి 248 ÷ 0.85 = 292 ఘనపు అడుగులు. క్రషర్ డస్ట్ వేసినా పని జరుగుతుంది, దానికీ ఈ పరీక్ష చేసుకోండి.

ఇక ట్రాలీ. "వంద అడుగుల ట్రాలీ సార్" అని ప్రతి డ్రైవరూ అంటాడు. మాటకు కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, టేపు తీసి లోపలి కొలత కొలవండి. మాకు వచ్చినది 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. అంటే 90 ఘనపు అడుగులు. పైన కుప్పగా పోసుకొస్తాడు కదా అంటారు, నిజమే, కానీ గుంతల రోడ్డు మీద అయిదారు కిలోమీటర్లు వచ్చేసరికి కుప్ప చాలావరకు దిగి అంచులకు సమం అవుతుంది. ఇంటి దగ్గర దించే ముందు చూసిన కొలతే లెక్కలోకి తీసుకోండి. 2,424 ÷ 90 చేస్తే 26.9, అంటే మొరం 27 ట్రిప్పులు. ఇసుక 292 ÷ 90 అంటే మూడు ట్రిప్పులు దాటి కొంచెం, నాలుగో ట్రిప్పులో మిగిలింది బెడ్ కాంక్రీట్‌కు పోయింది.

ఇన్ని లెక్కలు ఎందుకు, డ్రైవర్ చెప్పిందీ దాదాపు ఇంతే కదా అని మీకు అనిపించవచ్చు. డ్రైవర్ వేసే నోటి లెక్కలా బయటి కొలత 884ని మూడు అడుగులతో గుణించి చూడండి, 2,652 వస్తుంది. లోపలంతా మొరమే పోస్తే మన పద్ధతిలో 745 × 2.77 ÷ 0.75, అంటే 2,752. దగ్గరదగ్గరే. కారణం ఏమిటంటే, ఆయన లెక్కలో గోడలు, బెడ్ తీసేయకపోవడం వల్ల ఎక్కువైంది, మట్టి అణగడం మర్చిపోవడం వల్ల తక్కువైంది, రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయాయి. కానీ ఇది మూడు అడుగుల ఎత్తు దగ్గరే కుదురుతుంది. ఇదే ఇల్లు సమమైన నేల మీద ఒకటిన్నర అడుగు బేస్మెంట్‌తో కట్టి ఉంటే నోటి లెక్క 1,326 వచ్చేది, నిజంగా కావలసింది 1,162, దాదాపు రెండు ట్రాలీల డబ్బు దండగ. రోడ్డు ఎత్తు పెంచుతున్నారని ఇప్పుడు చాలామంది అయిదు అడుగులు లేపుతున్నారు, అక్కడ నోటి లెక్క 4,420, కావలసింది 4,639. అప్పుడు తక్కువ పడుతుంది, తక్కువ పడితే ఏం జరుగుతుందో తెలుసా? లోపల సరిగ్గా గుద్దకుండా వదిలేస్తారు, వదులుగా ఉంటే కావలసిన ఎత్తు దాకా వచ్చినట్టే కనపడుతుంది కదా. మా దేవరకొండ ఇంట్లో జరిగింది అదే.

ఏ మట్టి పోయాలో కూడా ఒక మాట. మన జిల్లాల్లో ఒకే ఊళ్లో ఒకవైపు ఎర్ర చెల్క, ఇంకోవైపు నల్లరేగడి ఉంటాయి. పునాది తవ్వినప్పుడు వచ్చిన మట్టి నల్లదైతే, చేతిలో ఉంది కదా అని లోపల పోయకండి. అది నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఎంత గుద్దినా ఈ గుణం పోదు. బెడ్‌ని కిందినుంచి పైకి లేపి పగలగొడుతుంది. చెరువు మట్టి పొలానికి బంగారం, బేస్మెంట్‌కు మాత్రం వద్దు. ఎర్ర మొరం, దుబ్బ మట్టి, ఇసుక, డస్ట్ మంచివి.

నింపేటప్పుడు పొరలు పొరలుగానే నింపాలి. కేంద్ర ప్రజా పనుల శాఖ నిబంధనల్లో కూడా ఒక్కో పొర 20 సెంటీమీటర్లు దాటకూడదని ఉంటుంది, అంటే దాదాపు 8 అంగుళాలు. 8 అంగుళాల వదులు మొరం 25 శాతం అణిగితే 6 అంగుళాలవుతుంది, కాబట్టి పని మొదలయ్యే ముందు అన్ని గదుల గోడల మీద కింది నుంచి 6 అంగుళాలకో గీత సున్నంతో గీయించాను. 2.44 అడుగులంటే 29 అంగుళాలు, అయిదు పొరలు. నేల వాలుగా ఉంది కాబట్టి మొదటి పొర వెనక వైపు లోతు ఉన్నచోట వేసి సమం చేసుకున్నాం. పొర పరిచి, నీళ్లు చల్లి, పిడికిట్లో ముద్ద చూసి, ప్లేట్ కంపాక్టర్ అద్దెకు తెచ్చి అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పించాం. మూలల్లో, గోడల పక్కన ఆ మిషన్ అందదు, అక్కడ ఇనప దిమ్మిసతో మనిషే గుద్దాలి. తర్వాత ముందుగా దిగేది ఎప్పుడూ ఈ గోడ పక్క జానెడే, అందుకే అక్కడ నిలబడి చేయించండి.

మోటార్ పెట్టి నింపడం మొరానికి పనికిరాదు. నీళ్లు నిలిస్తే మట్టి బురదై ఎండినప్పుడు నెర్రెలిస్తుంది, ఆ నీళ్లు పునాది కిందికి కూడా దిగుతాయి. ఇంకొకటి, హాలు మొత్తం నింపి పక్క గది ఖాళీగా ఉంచకండి. మూడు అడుగుల తడి మట్టి ఒకవైపు తోస్తుంటే, కట్టి పదిహేను రోజులు కూడా కాని 9 అంగుళాల గోడ కడుపు తీసుకుని వస్తుంది. అన్ని గదులూ ఒక గీత, మళ్లీ అన్ని గదులూ ఇంకో గీత, ఇలా లేపాలి. బాత్రూమ్ పైపులు కింది పొరలప్పుడే వేయించుకోవాలి, చెదల మందు బెడ్ వేసే ముందు పైన కొట్టించాలి.

ఒక్కో పొర అయ్యాక ఒక ఇనప కడ్డీ, 12 ఎంఎం ముక్క చాలు, రెండు చేతులతో బలంగా నొక్కి చూడండి. అంగుళం దగ్గర ఆగిపోతే మంచిది. మూడు నాలుగు అంగుళాలు దిగుతుంటే ఆ చోటు మళ్లీ గుద్దించాల్సిందే.

పని సగంలో ఉండగానే లెక్క సరిచూసుకోవడానికి ఒక అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. 745 చదరపు అడుగుల్లో ఒక అడుగు గట్టి మట్టి లేవాలంటే 745 ÷ 0.75 ÷ 90, అంటే 11 ట్రిప్పులు పడాలి. పదకొండో ట్రిప్పు పరిచి గుద్దాక గోడ మీద కొలిస్తే సగటున 12 అంగుళాలు లేచి ఉండాలి. 14 అంగుళాలు లేచిందంటే సంతోషపడకండి, మట్టి 12 శాతమే అణిగింది, ఇంకో 13 శాతం మీ టైల్స్ కింద అణగడానికి మిగిలి ఉంది. 10 అంగుళాలే లేచిందంటే మట్టి అనుకున్నదానికన్నా ఎక్కువ అణిగింది, లేదా ట్రాలీలు నిండుగా రావడం లేదు. అక్కవాళ్ల దగ్గర మొదటిసారి 13న్నర వచ్చింది. మిషన్ తిప్పే పిల్లవాడు పొరను ఒక్కసారే తిప్పి వదిలేస్తున్నాడని అప్పుడు తెలిసింది. పైపొర మళ్లీ తడిపి తిప్పించాం, కిందిపొర బాగా లేదనిపించిన వంటగదిలో మట్టి తీసి మళ్లీ వేయించాం. బావకు ఒక రోజు కూలీ ఎక్కువైంది, ఆయనేమీ అనలేదు.

ట్రిప్పులన్నీ ఒకేసారి మాట్లాడుకోకండి. మేము 27లో 24 తెప్పించి ఆపాం. మిషన్ తిప్పడం అయ్యాక మొరం గీత నుంచి కిందికి ప్రతి గదిలో కొలిస్తే సగటున ఇంకా 3 అంగుళాలు కావాలని తేలింది. 745 × 0.25 ÷ 0.75 ÷ 90, అంటే దాదాపు 2.75. మూడు ట్రిప్పులు చెప్పాం, చివరి ట్రాలీలో పావు వంతు మిగిలితే ముందు గేటు దగ్గర గుంతలో పోసుకున్నాం.